పొడుగు వాక్యాన్ని ఎక్కడ తెంపాలి?

పోయిన వానాకాలం హనుమకొండలో నలుగురం మిత్రులం కూర్చున్నప్పుడు నా కథ చిత్తుప్రతి చదివాను. ఒక వాక్యం దగ్గర చదివే నాకే ఊపిరి చాలలేదు. ఇదీ ఆ వాక్యం:

‘కాజీపేటలో రైలు దిగి, వాన తగ్గేదాకా ప్లాట్‌ఫారం మీదే నిలబడి, తగ్గాక ఆటో ఎక్కి హనుమకొండ చౌరస్తా చేరుకున్న రాజయ్య, పదేళ్ల కింద తమ్ముడితో గొడవపడి వదిలేసి వెళ్లిన ఇంటి ముందు ఎవరో కొత్తగా కట్టిన గోడను చూసి, తమ్ముడు ఇల్లు అమ్మేసి ఉంటాడని, తనకు చెప్పకపోవడం కూడా తన తప్పేనని అనుకుంటూ, గేటు మీద చేయి వేసి, తెరవకుండానే వెనక్కి తిరిగాడు.’

ముక్కలు చెయ్యమన్నారు. ఇంటికొచ్చి కామా కనబడ్డ చోటల్లా పుల్‌స్టాప్ పెట్టాను: ‘రాజయ్య కాజీపేటలో రైలు దిగాడు. వాన పడుతోంది. అతను ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. వాన తగ్గింది. అతను ఆటో ఎక్కాడు. చౌరస్తా చేరుకున్నాడు...’

“ఇది కథలా లేదు, పంచనామాలా ఉంది” అన్నాడు ఒక మిత్రుడు. నిజమే. ఎందుకలా అయిందో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది.

వాక్యాలు చిన్నవిగా ఉండాలనే సలహా మనకు ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాల నుంచి వచ్చింది. ఆ భాషలో క్రియ నడుమ ఎక్కడో ఉంటుంది, వాక్యం చివర రకరకాల మాటలు వస్తాయి. మనకు క్రియ చివరకు వస్తుంది. కాబట్టి వాక్యాన్ని తెంపిన ప్రతిసారీ ‘డు’ మీద ఒక దెబ్బ పడుతుంది. అదొక్కటే కాదు. చిన్నయసూరి క్త్వార్థకం అని పిలిచిన ‘దిగి’, ‘ఎక్కి’ లాంటి రూపాలు పనిని తేలిగ్గా చెప్పి ముందుకు పోతాయి. వాటిని ‘దిగాడు’, ‘ఎక్కాడు’ చేస్తే ఆటో ఎక్కడానికీ, వెనక్కి తిరగడానికీ ఒకే బరువు వచ్చేస్తుంది. నా మొదటి సవరణలో జరిగింది ఇదే.

దారి చూపించింది మా నాయనమ్మ మాట. ఆమె ఇదే సంగతి చెబితే ఇలా ఉండేది: “బండి దిగిండు. దిగితే వాన. వాన తగ్గినంక ఆటో ఎక్కిండు. ఎక్కి చౌరస్తకు వొచ్చిండు.” అన్నీ చిన్న వాక్యాలే, అయినా ఎక్కడా తెగినట్టుండదు. ముందు వాక్యం తోకను పట్టుకుని తర్వాతి వాక్యం లేస్తుంది. రాతలో ప్రతిసారీ అలా చేస్తే విసుగొస్తుంది గానీ, ఒకట్రెండు చోట్ల చాలు.

మళ్లీ రాశాను:

‘కాజీపేటలో రైలు దిగి, వాన తగ్గేదాకా రాజయ్య ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాడు. తగ్గాక ఆటో ఎక్కి హనుమకొండ చౌరస్తా చేరుకున్నాడు. పదేళ్ల కింద తమ్ముడితో గొడవపడి వదిలేసి వెళ్లిన ఇల్లు. దాని ముందు ఎవరో కొత్తగా గోడ కట్టారు. తమ్ముడు ఇల్లు అమ్మేసి ఉంటాడు. తనకు చెప్పకపోవడం కూడా తన తప్పే. గేటు మీద చేయి వేసి, తెరవకుండానే వెనక్కి తిరిగాడు.’

ఈసారి కామాలను పట్టించుకోలేదు. చోటు మారిన దగ్గర, చూపు మారిన దగ్గర, పని చేసే మనిషి మారిన దగ్గర తెంపాను. ‘తగ్గాక’ అన్న మాట రెండు వాక్యాలనూ కలుపుతోంది కాబట్టి ‘అతను’ అవసరం రాలేదు. ‘ఇల్లు’తో ఆగిన వాక్యంలో సమాపక క్రియే లేదు. తెలుగు దాన్ని హాయిగా ఒప్పుకుంటుంది, వరసగా పడుతున్న ‘డు’ల మోత కూడా అక్కడ ఆగింది.

కానీ ఒక తప్పు మిగిలింది. నాలుగోసారి చదివినప్పుడు గానీ దొరకలేదు. ‘తన తప్పే’... ఎవరి తప్పు? పాత వాక్యంలో ‘అనుకుంటూ’ ఉంది కాబట్టి ‘తన’ అంటే రాజయ్యే. అది తీసేశాక, పక్కనే ఉన్న తమ్ముడు ‘తన’ను లాగేసుకున్నాడు. పదేళ్ల అపరాధభావం మొత్తం తప్పు మనిషి మీద పడింది! ఇక్కడ పొదుపు పనికిరాదు. ‘తమ్ముడు ఇల్లు అమ్మేసి ఉంటాడనుకున్నాడు. తనకు చెప్పకపోవడం కూడా తన తప్పే.’ ఒక్క ‘అనుకున్నాడు’ కాపలా ఉంటే తర్వాతి వాక్యం కూడా రాజయ్య మనసులోనే ఉండిపోతుంది.

అన్ని పొడుగు వాక్యాలనూ తెంపాలని కాదు. వరంగల్ నవలాకారుడు నవీన్ ‘అంపశయ్య’ (1969) ఒక విద్యార్థి మనసు వెంట పదహారు గంటలు నడుస్తుంది. అలాంటి రాతలో ఆలోచన ఆగని చోట వాక్యాన్ని ఆపితే పాత్రే మారిపోతుంది. నా రాజయ్య ప్రయాణం అలాంటిది కాదు. రైలు, వాన, ఆటో అతని మనసులో ఒకదాన్నొకటి తోసుకోవడం లేదు, నేనే వాటిని ఒకే తాడుకు కట్టాను.

చివరి వాక్యాన్ని కూడా తెంపమని మొన్న మళ్లీ ఒకరన్నారు. ‘గేటు మీద చేయి వేశాడు. తెరవలేదు. వెనక్కి తిరిగాడు.’ రాసి చూశాను. సినిమా షాట్లలా ఉంది, రాజయ్య ఏదో తేల్చుకున్నవాడిలా కనిపిస్తున్నాడు. అతను ఏమీ తేల్చుకోలేదు. ‘చేయి వేసి’ తర్వాత ఉన్న ఆ కామాలోనే కాసేపు నిలబడ్డాడు. ఆ వాక్యాన్ని అలాగే ఉంచాను.