మూడో సెకనులో బంతి ఏం చేసింది?

s = u + a(n − ½). ఇంటర్ మొదటి ఏడాదిలో ఈ సూత్రాన్ని ‘n-వ సెకనులో పోయిన దూరం’ అని బట్టీ పట్టేవాళ్లే ఎక్కువ. వస్తువు ఒకే వైపు పోతున్నంతసేపూ ఆ పేరుతో ఇబ్బందేమీ లేదు. ఇబ్బంది చూపించాలంటే ఒక బంతిని నిలువుగా పైకి విసరాలి. అందుకే ఈ సూత్రం చెప్పిన రోజే నేను బోర్డు మీద ఆ పని చేస్తాను. విసిరిన వేగం సెకనుకు 25 మీటర్లు, g విలువ 10 అనుకుందాం. మూడో సెకనులో బంతి ఎంత దూరం పోయింది?

పిల్లలు చకచకా వేసేస్తారు: 25 − 10 × 2.5 = 0. గుణకారంలో తప్పేమీ లేదు. కానీ ఒక సెకను పాటు గాలిలో కదలకుండా నిలబడ్డ బంతిని ఎవరు చూశారు? అప్పుడు క్లాసులో గుసగుసలు మొదలవుతాయి. పాఠం నిజానికి అక్కడే మొదలవుతుంది.

వేగం v = 25 − 10t. రెండు సెకన్లు నిండేసరికి అది +5, మూడు నిండేసరికి −5. గుర్తు మారిందంటే మధ్యలో ఎక్కడో బంతి వెనక్కి తిరిగినట్టే. v = 0 పెడితే ఆ క్షణం 2.5 సెకన్లు. ఎత్తులు చూస్తే విషయం తేలిపోతుంది: 2 దగ్గర 30 మీటర్లు, 2.5 దగ్గర 31.25, 3 దగ్గర మళ్లీ 30. పైకి 1.25, కిందికి 1.25, మొత్తం దూరం 2.5 మీటర్లు. సూత్రం ఇచ్చిన సున్నా కూడా నిజమే, అయితే అది స్థానభ్రంశం. బయలుదేరిన చోటు, చేరిన చోటు తప్ప మధ్యలో జరిగినదంతా దానికి అక్కర్లేదు.

త్వరణం స్థిరంగా లేనప్పుడు ఇదే పని కాస్త పెద్దదవుతుంది. x = t³ − 6t² + 9t తీసుకోండి, మీటర్లలో, 0 నుంచి 5 సెకన్ల దాకా. అవకలనం చేస్తే v = 3t² − 12t + 9, అంటే 3(t − 1)(t − 3). ఒకటో సెకను దాకా వేగం ధనం, ఒకటికీ మూడుకీ మధ్య రుణం, ఆ తర్వాత మళ్లీ ధనం. ఈ నాలుగు క్షణాల దగ్గర, అంటే 0, 1, 3, 5 దగ్గర, స్థానాలు 0, 4, 0, 20. స్థానభ్రంశం 20 మీటర్లు. దూరం 4 + 4 + 20, మొత్తం 28.

బాగా చదివే పిల్లలు కూడా జారేది ఇక్కడే. వాళ్లు ఇంకో అడుగు వేసి a = 6t − 12 కనుక్కుని, అది సున్నా అయ్యే t = 2 దగ్గర ప్రయాణాన్ని రెండు ముక్కలు చేస్తారు. ఆ క్షణాన స్థానం 2. మొదటి ముక్క 2, రెండోది 18, కూడితే 20. సరిగ్గా స్థానభ్రంశం వచ్చింది కాబట్టి అనుమానం కూడా రాదు! కానీ t = 2 దగ్గర వేగం −3. వస్తువు అప్పుడు అన్నిటికంటే జోరుగా వెనక్కి పోతోంది. త్వరణం సున్నా అయితే వేగం మారడం ఒక్క క్షణం ఆగిందని మాత్రమే అర్థం, వస్తువు తిరిగిందని కాదు. పైగా రెండుకీ మూడుకీ మధ్య త్వరణం ధనమే, అయినా వస్తువు నెమ్మదిస్తోంది, ఎందుకంటే వేగం రుణం. రెండింటి గుర్తూ ఒకటైతేనే వడి పెరుగుతుంది.

దూరం కోసమైతే అనవసరమైన చోట తెంపినా నష్టం లేదు, అవసరమైన చోట తెంపకపోతేనే జవాబు తగ్గిపోతుంది. జవాబు సరిచూసుకోవడానికి నేను చెప్పే కిటుకు ఒకటుంది. దూరంలోంచి స్థానభ్రంశం పరిమాణాన్ని తీసేస్తే మిగిలేది ఎదురు దిశలో నడిచినదానికి రెండింతలు. ఇక్కడ 28 − 20 = 8, వెనక్కి పోయింది 4. కుదిరింది. పైన 20 తెచ్చుకున్న పిల్లవాడికి తేడా సున్నా వస్తుంది, అంటే వస్తువు వెనక్కి రానే లేదన్నమాట. అతని కాగితం మీదే v = −3 అని ఉంటే ఆ రెండూ కలిసి నిలవవు.

v = 0 రాగానే తిరిగిందనుకోవడం ఇంకో తొందరపాటు. x = (t − 2)³ కి వేగం 3(t − 2)². రెండో సెకను దగ్గర అది సున్నాకు దిగి, గుర్తు మారకుండా మళ్లీ పైకి లేస్తుంది. వస్తువు ఒక క్షణం ఆగి అదే దారిన పోతుంది. అందుకే మూలం దొరికాక దానికి అటూ ఇటూ ఒక్కో విలువ వేసి v గుర్తు చూడాలి. దొరికిన మూలం అడిగిన కాలంలో ఉందో లేదో కూడా చూడాలి. x = t³ − 6t² + 9t లెక్కనే 0 నుంచి 2 దాకా అడిగితే t = 3 తో పనే లేదు: స్థానాలు 0, 4, 2. దూరం 6 మీటర్లు, స్థానభ్రంశం 2.