పంట బోదె కేసులో ఏది ముందు?

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదివే పిల్లలకు విజయవాడలో సివిల్ ప్రొసీజర్ చెబుతుంటాను. దశలను వరుసలో పెట్టమనే ప్రశ్న వచ్చినప్పుడు రూళ్లు వల్లె వేయించను, ఒక పొలం తగాదా చెబుతాను.

ఉయ్యూరు వైపు, బందరు కాలువ కింద ఒక రైతు ఉన్నాడనుకోండి. ఆయన చేలోకి నీళ్లు పక్క రైతు గట్టు వెంట ఉన్న పంట బోదెలోంచే రావాలి. కాలువకు నీళ్లొదిలారు, నారు ఎదిగింది. పక్క రైతు మట్టి తోలించాడు. రేపో మాపో బోదె పూడుస్తాడు. వకీలు ప్లెయింటుతో పాటే తాత్కాలిక ఇంజంక్షన్ కోసం ఐ.ఏ., అఫిడవిట్ వేస్తాడు.

మామూలుగా అవతలివాళ్లకు నోటీసిచ్చాకే ఉత్తర్వు. నోటీసు అందేలోపు బోదె పూడిపోతుందనిపిస్తే మాత్రం, ఆ కారణం రాసి, కోర్టు ఏకపక్షంగా ఉత్తర్వు ఇవ్వవచ్చు. 39వ ఆర్డరు 3వ రూలు చెప్పేది ఇదే. పిల్లలు తప్పేది ఈ తర్వాతి మెట్టు దగ్గరే. ప్రతివాది మాట వినకుండా వచ్చిన ఉత్తర్వు కాబట్టి, అతనికి సంగతి తెలియజేసే పూచీ వాదిదే. ఐ.ఏ., అఫిడవిట్, ప్లెయింటు, పత్రాల నకళ్లు వెంటనే అందజేయాలి లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. పంపానని అదే రోజో మర్నాడో అఫిడవిట్ వేయాలి.

అప్పుడు ప్రతివాది కౌంటరు వేస్తాడు. కౌంటరు ఐ.ఏ.కి జవాబు, రిటన్ స్టేట్‌మెంట్ ప్లెయింటుకు జవాబు. రిటన్ స్టేట్‌మెంట్‌కు సమన్లు అందినప్పటి నుంచి 30 రోజులు, కారణం చూపితే 90 రోజుల దాకా గడువుంది. ఐ.ఏ. దానికోసం ఆగదు. ఏకపక్ష ఉత్తర్వు ఇచ్చిన 30 రోజుల్లో ఐ.ఏ. తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. అయితే 31వ రోజున ఉత్తర్వు దానంతటదే పోతుందన్న జవాబును ఎంచుకోవద్దు. పోదని, నష్టపోయినవాళ్లు అప్పీలుకు వెళ్లవచ్చని 2000లో వెంకటసుబ్బయ్య నాయుడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంత జరిగినా అతను బోదె పూడ్చేశాడు. ఎప్పుడు పూడ్చాడన్నదే నేను ముందు అడుగుతాను. దావా నడుస్తుండగా తాత్కాలిక ఉత్తర్వును మీరితే 39వ ఆర్డరు 2ఎ రూలు కింద పిటిషన్. శాశ్వత ఇంజంక్షన్ డిక్రీ అయ్యాక మీరితే 21వ ఆర్డరు 32వ రూలు కింద ఇ.పి. ఇక్కడ చాలామంది అమీనును పొలానికి పంపేస్తారు. అమీను స్వాధీనం ఇప్పించే డిక్రీకి వెళ్తాడు. ఇంజంక్షన్ డిక్రీలో, పాటించే వీలుండీ కావాలని పాటించలేదని తేలాలి. అప్పుడే సివిల్ జైలు, ఆస్తి జప్తు, లేదా రెండూ. పూడ్చిన మట్టిని అతని ఖర్చుతోనే తీయించే అధికారమూ కోర్టుకు ఉంది.

మామూలుగా ఇ.పి.కి ఉండే 12 ఏళ్ల గడువు శాశ్వత ఇంజంక్షన్ డిక్రీకి లేదు. కానీ డిక్రీ అయి రెండేళ్లు దాటితే, అమలు కంటే ముందు 22వ రూలు నోటీసు వెళ్లాలి.