పది జతలు రాసి చూస్తే

శాంపిల్ సగటు నిష్పాక్షికమైన అంచనా అని స్టాటిస్టిక్స్ చదివిన ప్రతి విద్యార్థీ పరీక్షలో రాస్తాడు. నాలుగు వరుసల నిరూపణ కూడా తప్పులేకుండా దించుతాడు. ఆ తర్వాత, “అయితే నువ్వు తీసిన శాంపిల్ సగటు అసలు సగటుతో సమానంగా ఉంటుందా?” అని అడిగితే సగం తరగతి ఉంటుందంటుంది, మిగతా సగం తలదించుకుంటుంది. నిరూపణ చేతికి వచ్చింది గానీ, విషయం ఇంకా మనసుకు పట్టలేదన్నమాట. అందుకే నేను ఈ పాఠం మొదలుపెట్టేటప్పుడు సూత్రం జోలికి వెళ్లను. ఐదుగురు రైతులున్న ఒక చిన్న ఆయకట్టును ఊహించుకోమని, అందులోంచి ఇద్దరిని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చో అన్నీ చేత్తో రాయమని చెబుతాను.

ఆ ఐదుగురినీ క, చ, ట, త, ప అనుకుందాం. ఒక్కొక్కరికి ఎకరం వరి. కోత అయ్యాక దిగుబడి వరుసగా 20, 24, 26, 30, 40 బస్తాలు వచ్చింది. మొత్తం 140 బస్తాలు, సగటు 28. ఈ 28 మనకు తెలుసు, ఎందుకంటే లెక్క మనమే తయారుచేశాం. సర్వేకు వచ్చిన ఉద్యోగికి మాత్రం తెలియదు. అతనికి రెండు పొలాల్లో కోత కోయించి, నూర్పించి, తూకం వేయించే తీరికే ఉంది. ఆ రెండింటి సగటునే ఐదింటి సగటుగా రాసుకుని వెళ్తాడు.

ఏ రెండు పొలాలో ఎలా తేలుతుంది? ఐదు చీటీల మీద ఐదు పేర్లు రాసి, బాగా కలిపి, ఒకదాని తర్వాత ఒకటి రెండు తీస్తాడు. తీసిన మొదటి చీటీని తిరిగి వేయడు. అలా రాగల జతలు పదే పది. ఆ పదింటికీ సగటులు ఇవి:

క, చ: 22
క, ట: 23
క, త: 25
క, ప: 30
చ, ట: 25
చ, త: 27
చ, ప: 32
ట, త: 28
ట, ప: 33
త, ప: 35

ఈ పట్టికను ఊరికే కళ్లతో చూసి వదిలేయకూడదు. అసలు సగటు 28ని సరిగ్గా తాకిన జత ఒక్కటే, ట–త. మిగతా తొమ్మిదీ ఎంతో కొంత తప్పు చెప్పినవే. ఐదు జతలు తక్కువ చెప్పాయి, నాలుగు ఎక్కువ చెప్పాయి. తక్కువ చెప్పినవి వరుసగా 6, 5, 3, 3, 1 బస్తాల మేర తగ్గాయి. కూడితే 18. ఎక్కువ చెప్పినవి 2, 4, 5, 7 బస్తాల మేర పెరిగాయి. అవీ కూడితే 18. పది సగటులనూ కలిపితే 280, పదితో భాగిస్తే 28. తక్కువ చెప్పినవీ ఎక్కువ చెప్పినవీ సంఖ్యలో సమానంగా లేకపోయినా, వాటి తేడాలు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా చెల్లిపోయాయి.

ఇలా చెల్లిపోవడం ఈ అంకెల అదృష్టమేమో అని ఒక విద్యార్థికైనా అనుమానం రావాలి. రాకపోతే నేనే రేకెత్తిస్తాను. జవాబు పట్టికలోనే ఉంది. ‘క’ ఎన్ని జతల్లో ఉన్నాడో లెక్కపెట్టండి, నాలుగు. ‘చ’ కూడా నాలుగే. నలభై బస్తాలు పండించిన ‘ప’ కూడా నాలుగు జతల్లోనే ఉన్నాడు. ఎందుకంటే ఎవరికైనా జత కాగల వాళ్లు మిగిలిన నలుగురే. కాబట్టి పది జతల్లోని బస్తాలన్నీ ఒక్కచోట పోస్తే ప్రతి రైతు ధాన్యమూ సరిగ్గా నాలుగుసార్లు పడుతుంది. నాలుగు నూట నలభైలు 560. ఒక్కో జత సగటు అంటే జత మొత్తంలో సగం కాబట్టి, సగటుల మొత్తం 280. దాన్ని పదితో భాగిస్తే 28 రాక తప్పదు. ఇందులో 20, 24, 26 అనే అంకెలకు ప్రత్యేకమైన పాత్ర ఏమీ లేదు. ‘ప’కు 40 బదులు 400 బస్తాలు వచ్చాయనుకున్నా ఇదే జరుగుతుంది. అందరూ సమానంగా లెక్కలోకి వచ్చారు, అంతే.

ఇక్కడే చాలామంది ఒక చిన్న మెలిక దగ్గర తడబడతారు. చీటీలు తీస్తే త–ప జత వచ్చిందనుకోండి. సగటు 35, అసలుకంటే ఏడు బస్తాలు ఎక్కువ. “ఈ శాంపిల్ పక్షపాతంతో ఉంది సార్” అంటారు. ఈ ఒక్క జత తప్పు చెప్పిన మాట నిజమే. కానీ నిష్పాక్షికత అనే గుణాన్ని ఒక జతకు అంటగట్టడానికి లేదు. అది పది జతలకూ సమానంగా అవకాశమిచ్చిన పద్ధతికి చెందిన గుణం. చేతిలో ఉన్న ఒక్క శాంపిల్‌ను ఎంత తిప్పి చూసినా అది నిష్పాక్షికమో కాదో తెలియదు. అది తెలియాలంటే ఆ శాంపిల్‌ను ఎలా తీశారో అడగాలి. జాబితా అంతా రాయడం వల్ల కలిగే అసలు మేలు ఇదే. రాకుండా పోయిన తొమ్మిది జతలు కూడా కళ్లెదుట ఉంటాయి.

అయితే పదింటికీ సమానావకాశం ఉండి తీరాలా? నేను ఇంకో జాబితా రాయిస్తాను. ఐదుగురినీ గుండ్రంగా నిలబెట్టి పక్కపక్కన ఉన్న జతలనే తీసుకోమంటాను: క–చ, చ–ట, ట–త, త–ప, ప–క. సగటులు 22, 25, 28, 35, 30. మొత్తం 140, ఐదుతో భాగిస్తే మళ్లీ 28. సగం జతలకు అసలు అవకాశమే లేదు, అయినా పద్ధతి నిష్పాక్షికంగానే ఉంది. ఎందుకంటే ఇక్కడ ప్రతి రైతూ సరిగ్గా రెండు జతల్లో ఉన్నాడు. కాబట్టి చూడాల్సింది జతల సమానత్వాన్ని కూడా కాదు, మనుషుల సమానత్వాన్ని. జాబితాలో ప్రతి ఒక్కరూ ఎంపికయ్యే అవకాశం ఒకే తీరుగా ఉంటే మామూలు సగటు నిష్పాక్షికమవుతుంది. అన్ని జతలూ రాసి చూసిన వాళ్లకే ఈ తేడా స్పష్టంగా దొరుకుతుంది.

ఇప్పుడు ఆ సమానత్వాన్ని చెడగొడదాం. ‘త’, ‘ప’ పొలాలు కాలువకు ఎగువన, రోడ్డు పక్కనే ఉన్నాయనుకోండి. మిగతా మూడూ శివారు భూములు. నీళ్లు ఆలస్యంగా అందుతాయి, బండి గట్టు దాకా పోదు. సర్వే ఉద్యోగి మంచివాడే, అయినా ఎండలో శివారు దాకా రెండుసార్లు నడవడం ఇష్టంలేక, రెండు పొలాల్లో ఒకటైనా రోడ్డు పక్కది ఉండేలా చూసుకున్నాడు. క–చ, క–ట, చ–ట అనే మూడు జతలు జాబితాలోంచి పోయాయి. మిగిలిన ఏడింటిలో చీటీ వేసి తీశాడు. ఆ ఏడు సగటులు కూడితే 210, ఏడుతో భాగిస్తే 30. రెండు బస్తాలు అదనంగా తేలాయి. జాబితా చూస్తే కారణం కనిపిస్తుంది. ‘త’, ‘ప’ నాలుగేసి జతల్లో ఉన్నారు, శివారు రైతులు రెండేసి జతల్లోనే ఉన్నారు. ఎవరూ అంకెలు దిద్దలేదు, తూకం మోసమూ లేదు. అయినా ఊరి దిగుబడి కాగితం మీద పెరిగిపోయింది. ఈ తప్పును శాంపిల్‌లోని అంకెలు ఎప్పుడూ బయటపెట్టవు, ఎందుకంటే అతను తెచ్చిన 30, 32, 33 లాంటి సగటులు నిజాయితీగా చీటీ తీసినవాడికి కూడా వచ్చేవే.

ఈ గుణం అన్ని లెక్కలకూ ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. సగటు బదులు ఊళ్లో అత్యధిక దిగుబడి ఎంతో కావాలనుకుందాం. జతలో ఎవరిది ఎక్కువైతే అదే రాసుకుంటే పది జతలకూ 24, 26, 30, 40, 26, 30, 40, 30, 40, 40 వస్తాయి. వాటి సగటు 32.6. అసలు అత్యధికం 40. చీటీలు ఎంత న్యాయంగా తీసినా ఈ అంచనా తక్కువే చెబుతుంది, ఎందుకంటే నలభైని దాటి చెప్పగల జత ఏదీ లేదు. తగ్గినదాన్ని చెల్లించే పెరుగుదల ఎక్కడా లేదు. సగటుకు ఆ చెల్లింపు కూడికలోనే అమరి ఉంది, అత్యధికానికి లేదు.

నిష్పాక్షికమైతే చాలా? చాలదు. జతలు 22 నుంచి 35 వరకు చెప్పాయి. ముగ్గురేసిని తీస్తే అవి కూడా పది రకాలే, వాటి సగటుల సగటు కూడా 28. కానీ అన్నిటికంటే తక్కువ చెప్పే గుంపు 23.3 దగ్గర, ఎక్కువ చెప్పే గుంపు 32 దగ్గర ఆగుతుంది. గురి రెండింటికీ ఒకటే, చెదరడం మాత్రం తగ్గింది. శాంపిల్ పెద్దదైతే ఒరిగేది ఇదే. శివారు పొలాలను వదిలేసే ఉద్యోగి వంద ఊళ్లు తిరిగినా, అతని లెక్కలోని ఆ అదనపు బస్తాలు ఊళ్ల సంఖ్యతో కరిగిపోవు.

పంట కోత ప్రయోగాల చరిత్రలో ఇంకో హెచ్చరిక ఉంది. 1940లలో మన దేశంలో శాంపిల్ సర్వేల విధానాన్ని తీర్చిదిద్దుతున్న రోజుల్లో, పొలంలో ఎంత విస్తీర్ణం కోసి తూచాలన్న దానిపై పి.సి. మహలనోబిస్‌కూ పి.వి. సుఖాత్మేకూ గట్టి వాదన నడిచింది. మరీ చిన్న మడి కోస్తే దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుందని సుఖాత్మే చూపించారు. మడి ఎంత చిన్నదైతే దాని వైశాల్యానికి సరిహద్దు గీత అంత పొడుగు. గీత మీద నిలబడ్డ దుబ్బును లోపలిదిగా లెక్కించాలా, బయటిదిగానా అన్నప్పుడు కోసేవాడి చెయ్యి దాన్ని లోపలికే లాగుతుంది. మన పట్టికలో ప్రతి రైతు దిగుబడీ ఒక్కో బస్తా పెరిగిందనుకోండి, పది సగటులూ ఒక్కో బస్తా పెరిగి, వాటి సగటు 29 అవుతుంది. చీటీల న్యాయం ఎంపిక వరకే కాపాడుతుంది. కొలతలోని తప్పును అది యథాతథంగా మోసుకొస్తుంది.

ఇంట్లో పిల్లలెవరైనా ఈ పాఠం చదువుతుంటే నిరూపణ బట్టీ పట్టేముందు వాళ్లకిష్టమైన ఐదు అంకెలు ఎంచుకోమనండి. పది జతలూ రాయించండి, సగటులు తీయించండి. ఆ తర్వాత ప్రతి అంకె ఎన్ని జతల్లో ఉందో లెక్కపెట్టించండి. ఈ చివరి పని మాత్రం మాన్పించకండి, ఎందుకంటే పాఠమంతా అక్కడే ఉంది. ఇక పేపర్లో ఏదైనా సర్వే ఫలితం కనబడినప్పుడు ఎంతమందిని అడిగారన్న ప్రశ్నతో ఆగకండి. ఎవరి పేరు చీటీల్లోకే ఎక్కలేదో కూడా అడగండి.