చివరి గడి

డిజైన్ రివ్యూలో నాకు ముచ్చటేసేది వాదన కాదు, పట్టికలో నోట్స్ రాసే మనిషి పనితనం.

చెల్లింపుల సర్వీసు మీద చర్చ అనుకోండి. "జవాబు ఆలస్యమైతే అభ్యర్థన మళ్లీ పంపుతామన్నారు. మొదటిది అప్పటికే పూర్తయి ఉంటే?" అని ఒకరు అడుగుతారు. కొత్తవాడు "రీట్రై గురించి చర్చించాం" అని రాసి వదిలేస్తాడు. పనితనమున్నవాడు నష్టాన్నే రాస్తాడు: ఒకే ఆర్డరుకు డబ్బు రెండుసార్లు పోతుంది. కాబట్టి తీవ్రత 1. పత్రంలో అక్షరదోషమైతే 4. జవాబు: ప్రతి ఆర్డరుకూ ఒక గుర్తు సంఖ్య, అదే మళ్లీ వస్తే పాత ఫలితాన్నే తిరిగివ్వడం.

అసలు నేర్పు ఆ వరుసలో స్థితి రాసే చివరి గడిలో ఉంది. "సరే, చేస్తాం" అనగానే అతను "ముగిసింది" అని రాయడు. పత్రంలో ఆ భాగం మారాలి, అడిగిన మనిషే చదివి ఒప్పుకోవాలి. ఆ చదువులోనే మరో లొసుగు బయటపడొచ్చు: గుర్తు సంఖ్యను ఎంతకాలం దాచాలో రాయలేదు. గడువు దాటి వచ్చిన అభ్యర్థన కొత్తదిగా కనిపించి, డబ్బు మళ్లీ పోతుంది. అందుకే ఆ వరుస తెరిచే ఉంటుంది.

పత్రంలో ఎక్కడ మారిందో చూపని "ముగిసింది"ని నమ్మకండి.