‘డార్క్’లో ఆ ఉత్తరం

జర్మన్ సిరీస్ ‘డార్క్’ (2017–2020) సృష్టించిన యాంట్యె ఫ్రీజె, బరాన్ బో ఒడార్‌ల పనితనం చూడాలంటే మొదటి ఎపిసోడ్‌లోని ఉత్తరం చాలు. 2019 జూన్‌లో మైకేల్ ఉరి వేసుకుంటాడు. అతను వదిలి వెళ్లిన ఉత్తరం కవరు మీద, నవంబర్ 4 రాత్రి 10:13 కంటే ముందు తెరవొద్దని రాసి ఉంటుంది.

ఆ రాత్రే మికెల్ అనే పిల్లాడు గుహ దగ్గర మాయమై 1986లో తేలతాడు. అక్కడే పెరిగి మైకేల్ అవుతాడు. కవరు ముందే తెరిస్తే ఇంట్లోవాళ్లు పిల్లాణ్ని ఆపేస్తారు. అప్పుడు ఉత్తరం రాసే మైకేలే ఉండడు, అతని కొడుకు యోనాస్ పుట్టడు. అంటే ఆ టైము సస్పెన్స్ కోసం పెట్టింది కాదు, కథ నిలబడాలంటే ఉండి తీరాల్సిందే.

రెండో సీజన్‌లో యోనాస్ తండ్రిని కాపాడుకుందామని వెనక్కి వెళ్తాడు. తీరా చూస్తే, చావాలన్న ఆలోచనే మైకేల్‌కి అప్పటిదాకా లేదు. కొడుకు మాటల్లోనే మొదటిసారి వింటాడు. గతాన్ని మార్చబోయిన పనే ఆ గతానికి కారణమవుతుంది. ఎంత బాధగా ఉన్నా రచయితలు ఇక్కడ మెత్తబడలేదు, అదే నాకు బాగా నచ్చింది.

చివరి సీజన్‌లో ఈ నియమానికి ఒక మినహాయింపు వస్తుంది: ప్రళయ క్షణంలో కాలం ఆగుతుంది, అప్పుడు మాత్రమే కార్యకారణాల గొలుసు తెగుతుంది. ఆ ముక్క కాస్త ముందే చెప్పాల్సింది. అయినా ఒక్కసారి గీసిన గీతను మళ్లీ దాటలేదు. రెండోసారి చూసేటప్పుడు తేదీలు రాసుకుంటూ చూడండి.