స్లైడర్ కదిలింది, ధర కదల్లేదు

ఆ రాత్రి ఈథర్ పడిపోతోంది. కంగారులో లీవరేజ్ స్లైడర్‌ని 10 నుంచి 3కి లాగాను. లిక్విడేషన్ ధర మాత్రం అంగుళం జరగలేదు. యాప్ మొరాయించిందనుకుని మూసి మళ్లీ తెరిచాను. అదే అంకె. పొరపాటు నాదే. నేనున్నది క్రాస్ మార్జిన్‌లో.

వాలెట్‌లో 5,000 డాలర్లున్నాయి. 2,000 ధర దగ్గర 5 ఈథర్లకు లాంగ్ తీసుకున్నాను. అంటే 10,000 డాలర్ల సరుకు. పదింతల లీవరేజ్‌తో ఐసోలేటెడ్ ఎంచుకుని ఉంటే ఇందుకు 1,000 మాత్రమే పక్కకు వెళ్లేది. ధర 200 తగ్గితే ఆ వెయ్యీ హరీ. ఎక్స్ఛేంజ్ అంతదాకా ఆగదు. మెయింటెనెన్స్ మార్జిన్ కింద సరుకు విలువలో అర శాతం మిగలాలంటే, ఫీజులు, ఫండింగ్ పక్కన పెట్టినా, 1,809 దగ్గరే అమ్మేస్తుంది. మిగతా 4,000 జోలికి రాదు.

క్రాస్‌లో మొత్తం 5,000 పూచీ నిలబడుతుంది. అందుకే లిక్విడేషన్ ధర దాదాపు 1,005కి దిగుతుంది. చూడగానే ప్రాణం కుదుటపడుతుంది, అక్కడే మోసపోతాం. ఒక నగ తాకట్టు పెట్టడానికీ, బీరువా మొత్తం అప్పగించడానికీ ఉన్న తేడా ఇది. ఇక్కడ స్లైడర్ చేసేదల్లా పొజిషన్ పేరిట ఎంత సొమ్ము బిగించి ఉంచాలో చెప్పడమే. అసలు లీవరేజ్ 10 కాదు, 3 కాదు; 5,000 మీద 10,000, అంటే రెండింతలు. అది తగ్గాలంటే ఈథర్ కొంత అమ్మాలి, లేదా డబ్బు తేవాలి.

సగం ధర దాకా ఎందుకు పడుతుందిలే అంటారా? 2020 మార్చి 12, 13 తేదీల్లో ఈథర్ సగానికి పైగా పడింది.

పైగా ఆ 1,005 కూడా స్థిరం కాదు. అదే వాలెట్ నుంచి సొలానా మీద ఇంకో పందెం కాసి 2,500 పోగొట్టుకున్నాననుకోండి. ఈథర్ ధర పైసా కదలకపోయినా, దాని లిక్విడేషన్ ధర 1,508కి ఎగబాకుతుంది. క్రాస్‌లో ఈ ధరను ఒక్కో కాయిన్‌కు విడిగా చదవకూడదు.

ఈ గొడవంతా విని మా తమ్ముడు, "అందుకే అన్నయ్యా, నేను ఐసోలేటెడ్ తప్ప ముట్టను" అన్నాడు. వాడిదీ అచ్చం నా లెక్కే: అదే 2,000 ధర, అవే 5 ఈథర్లు, వాలెట్‌లో అదే 5,000. కాకపోతే ధర 1,809ని సమీపించగానే ఇంకో వెయ్యి జోడించాడు. హద్దు 1,608కి దిగింది. అక్కడికీ వచ్చేసరికి మరో వెయ్యి. అలా నాలుగుసార్లు వేశాక ఫోన్ నా చేతికిచ్చాడు. పైన ఐసోలేటెడ్ అనే రాసి ఉంది. వాలెట్‌లో మిగిలింది సున్నా. లిక్విడేషన్ ధర 1,005.