వాన లెక్క అడ్డం తిరిగితే

అనంతపురం జిల్లాలో వాన లెక్క రాసే పట్టికకు ఒక అలవాటైన రూపం ఉంది. ఎడమవైపు నిలువుగా మండలాల పేర్లు, పైన అడ్డంగా నెలలు. ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకంలో చూసిన అంకె మండలం పేరుకు ఎదురుగా పడుతుంది. రిజిస్టర్లు పోయి ఎక్సెల్ వచ్చినా ఆ రూపం పోలేదు. 2022లో ఉమ్మడి జిల్లా రెండయ్యాక 63 మండలాల్లో 31 ఇక్కడ మిగిలాయి. పట్టిక పొడవు తగ్గింది, అంతే.

అంకెలు నింపుకోవడానికి ఈ రూపం చక్కగా సరిపోతుంది. చిక్కంతా దాన్ని చార్టుగా మార్చబోయినప్పుడే. ఎందుకంటే ఈ నేల మీద రైతు అడిగేది ఎంత వాన పడిందని మాత్రమే కాదు, ఎప్పుడు పడిందని కూడా. జూన్, జూలైల్లో పదును దొరికితేనే వేరుశనగ విత్తనం నేలలో పడుతుంది. ఆ తర్వాత ఊడలు దిగే వేళ బెట్ట తగిలితే చివర్లో ఎంత కురిసినా కాయ నిండదు. సీజన్ మొత్తం ఈ కథ చెప్పదు. కింది పట్టిక చూడండి. మండలాల అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి, ఏ మండలానివీ కావు. సాధారణ వర్షపాతం మాత్రం ఉమ్మడి జిల్లాకు చెప్పుకునే సగటు, మిల్లీమీటర్లలో, దశాంశాలు తీసేసి రాసింది.

| | జూన్ | జూలై | ఆగస్టు | సెప్టెంబరు |
|---|---|---|---|---|
| మొదటి మండలం | 60 | 70 | 85 | 105 |
| రెండో మండలం | 20 | 15 | 95 | 190 |
| సాధారణం | 64 | 67 | 89 | 118 |

రెండు మండలాల మొత్తమూ 320. సాధారణం 338కి రెండూ దగ్గరగానే ఉన్నాయి, కాగితం మీద రెండూ గట్టెక్కినట్టే. కానీ రెండో మండలంలో విత్తనాల కాలమంతా ఎండిపోయింది. కింద నెలలు పరుచుకుని, ఒక్కో మండలానికి ఒక్కో గీత గీస్తే ఆ సంగతి చూడగానే తెలుస్తుంది. రెండో మండలం గీత జూలైలో నేలకు కరుచుకుని, సెప్టెంబరులో నిటారుగా లేస్తుంది.

ఈ మూడు వరుసల పట్టికను ఎంచుకుని గీతల చార్టు పెట్టమంటే ఎక్సెల్ సరిగ్గా ఇదే గీస్తుంది. ఇదే పట్టికలో ఇంకో రెండు మండలాలు చేర్చి కొత్తగా చార్టు పెట్టండి, బొమ్మ తలకిందులవుతుంది. కింద మండలాలు వచ్చి నిలబడతాయి, నెలలు గీతలవుతాయి. నిన్న బాగానే వచ్చింది, ఇవాళ ఏమైందని తల పట్టుకునేది ఇక్కడే.

కారణం చాలా మామూలుది. అంకెల అర్థం ఎక్సెల్‌కు తెలియదు, అది అడ్డవరుసలనూ నిలువు వరుసలనూ లెక్కపెడుతుంది. ఏవి ఎక్కువుంటే వాటిని కింది అక్షం మీద పరిచి, తక్కువున్నవాటిని సిరీస్‌లుగా, అంటే రంగురంగుల గీతలుగా తీసుకుంటుంది. మూడు వరుసలు, నాలుగు నెలలు ఉన్నప్పుడు నెలలు కిందికి వెళ్లాయి. వరుసలు ఐదు కాగానే మండలాలు వెళ్లాయి. జిల్లా పట్టికలో మండలాలు 31, నైరుతి నెలలు నాలుగు. కాబట్టి మన దగ్గర ఈ లెక్క దాదాపు ఎప్పుడూ మండలాల వైపే మొగ్గుతుంది.

తిరగబడిందని పసిగట్టడానికి రెండు గుర్తులున్నాయి. ‘సాధారణం’ అనేది పోల్చి చూసుకోవడానికి పెట్టుకున్న గీత. అది కింద మండలాల పేర్ల మధ్య ఇంకో ఊరిలా కూర్చుందంటే చార్టు తిరగబడినట్టే. రెండోది, గీత దేన్ని దేనితో కలుపుతోందో చూడాలి. జూన్ నుంచి జూలైకి గీత లాగితే అర్థముంది, మధ్యలో కాలం నడిచింది. కళ్యాణదుర్గం నుంచి గుత్తికి లాగితే ఏమీ లేదు, పట్టికలో పేర్లు పక్కపక్కన ఉన్నాయన్న మాట తప్ప.

సరిచేయడానికి పట్టికను ముట్టుకోనక్కర్లేదు. చార్టు మీద ఒకసారి నొక్కితే పైన `Chart Design` అనే ట్యాబ్ వస్తుంది. అందులో `Switch Row/Column` నొక్కితే చాలు. గీతలుగా ఉన్నవి అక్షం మీదికి, అక్షం మీదివి గీతల్లోకి మారతాయి. చాలామంది దీనికోసం పట్టికనే కాపీ చేసి `Transpose`తో తిప్పి మరోచోట అతికిస్తారు. నాకది వద్దనిపిస్తుంది. ఒకే లెక్క రెండుచోట్ల ఉంటే, రేపు ఒక మండలం అంకె సవరించినప్పుడు రెండో కాపీ పాతదే మిగిలిపోతుంది.

లోపల ఏం మారిందో చూడాలనుకుంటే ఒక గీత మీద నొక్కి ఫార్ములా బార్ చూడండి. ఐదు వరుసల పట్టికలో, తిరగబడ్డ చార్టు మొదటి గీతకు ఇలా ఉంటుంది:

```
=SERIES(Sheet1!$B$1,Sheet1!$A$2:$A$6,Sheet1!$B$2:$B$6,1)
```

తిప్పాక ఇలా అవుతుంది:

```
=SERIES(Sheet1!$A$2,Sheet1!$B$1:$E$1,Sheet1!$B$2:$E$2,1)
```

మొదటిది గీత పేరు, రెండోది అక్షం మీది పేర్లు, మూడోది అంకెలు, చివరిది వరుస సంఖ్య. పైదానిలో గీత పేరు B1, అంటే జూన్. కిందిదానిలో A2, అంటే మొదటి మండలం. రంగుల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. సాధారణానికి నల్ల చుక్కల గీత పెట్టుకుని ఆ తర్వాత చార్టు తిప్పితే, ఆ నలుపు ఏ నెలకు అంటుకుంటుందో చూసుకుని మళ్లీ సర్దాల్సి వస్తుంది. ముందు తిప్పి, తర్వాత రంగులద్దుకోవడమే సుఖం.

బటన్ నొక్కినా కుదరని సందర్భాలు కొన్ని ఉన్నాయి. నెలల బదులు సంవత్సరాలు ఉన్న పట్టికలో ఇది తరచూ జరుగుతుంది. 2021, 2022 అనేవి మనకు శీర్షికలు, ఎక్సెల్ కంటికి అవీ అంకెలే. వానతో పాటు వాటినీ గీసేస్తుంది. అప్పుడు రెండు వేల ఎత్తున ఒక గీత పైన సాగుతుంది, అసలు వాన అడుగున అణిగిపోతుంది. దాన్ని ఎన్నిసార్లు తిప్పినా లాభం లేదు. పట్టిక ఎడమ పైమూల గడిలో ‘మండలం’ అని రాసి ఉంటే తుడిచేసి, ఆ గడి ఖాళీగా ఉంచి చార్టు మళ్లీ పెట్టాలి. మూల ఖాళీగా ఉంటే పైవరుసనూ ఎడమ నిలువునూ పేర్లుగా తీసుకుంటుంది. అలాగే చివర ఉండే ‘మొత్తం’ నిలువు వరుసను ఎంపికలో కలపకూడదు. కలిపితే అదో ఐదో నెలలా వచ్చి కూర్చుంటుంది.

ఒక్కోసారి బటనే మసకబారి ఉంటుంది. ఒక్కో మండలం అంకెలను ఒక్కో షీటు నుంచి ఏరి చార్టులో చేర్చినప్పుడు అలా అవుతుంది. తిప్పడానికి ఒకే చోట ఉన్న పట్టిక దానికి కనబడదు. అంకెలన్నీ ఒక చోటికి తెచ్చుకుని `Select Data`లో ఆ పరిధిని కొత్తగా చూపాలి. పివట్ చార్టు సంగతి వేరు. అక్కడ ఈ బటన్ నొక్కితే చార్టుతో పాటు దాని వెనకున్న పివట్ పట్టిక కూడా తిరుగుతుంది. ఆ పట్టికనే నివేదికలో అచ్చు వేస్తుంటే ముందే చూసుకోవాలి.

అన్నట్టు, మండలాలు కింద ఉండటం ప్రతిసారీ తప్పేమీ కాదు. సీజన్ మొత్తంలో ఎవరికెంత పడింది, అందులో ఏ నెల వాటా ఎంత అనేదే ప్రశ్నయితే, మండలాలు కింద పెట్టి నెలలను ఒకదానిమీద ఒకటి పేర్చిన స్తంభాలే సరైనవి.

ఇక 31 మండలాలనూ ఒకే చార్టులో పెట్టాలన్న ఆశ ఉంటే, తిప్పినా తిప్పకున్నా అది తీరదు. ఒక వైపు 124 స్తంభాలు, మరో వైపు చిక్కుపడిన 31 గీతలు. చార్టు కోసం మూడు నాలుగు మండలాలను సాధారణంతో పాటు ఎంచుకోవాలి. జిల్లా అంతా ఒక్కచోట చూపాలంటే చార్టు మానేసి, ప్రతి గడిలో ఆ మండలపు సాధారణం నుంచి వాన ఎంత శాతం తగ్గిందో పెరిగిందో లెక్కకట్టి, `Conditional Formatting`లోని `Color Scales`తో రంగు వేయాలి. మిల్లీమీటర్లకే రంగు వేస్తే కుదరదు. సాధారణమే జూన్‌లో 64, సెప్టెంబరులో 118 కాబట్టి, వాన ఏ లోటూ లేకుండా కురిసిన ఏడాదిలో కూడా జూన్ గడులు ఎండినట్టే కనిపిస్తాయి.